చెవి ఫొటోలో కనిపించని మలుపు

మొన్న ఆదివారం పొద్దున్నే మా మేనకోడలు మూడు ఫొటోలు పంపింది. వాళ్ళ బీగిల్ కుక్క చెవిని వెనక్కి మడిచి పట్టుకుని తీసినవి. ఒకటి మసకగా వచ్చింది, ఒకటి ఫ్లాష్ వెలుగులో తెల్లగా మెరిసిపోతోంది, ఒకటి కాస్త నయం. కింద ఒకటే వాక్యం: "మామయ్యా, దీని చెవి ఎర్రగా ఉంది, ఏ చుక్కలు వెయ్యమంటావు?"

నేను డాక్టర్ని కాను. పద్దెనిమిదేళ్ళుగా ఇంట్లో కుక్కలు ఉన్నాయి, అంతే. ఆ ఒక్క అర్హతతో చుట్టాలందరికీ కుక్కల చెవుల నిపుణుణ్ణి అయిపోయాను. రెండేళ్ళ క్రితం వరకు ఆ హోదాను బాగానే అనుభవించాను కూడా. ఫొటో రాగానే పెద్దది చేసి చూసేవాణ్ణి. గోధుమ రంగు జిడ్డు గులిమి ఉంటే ఈస్టు అనే శిలీంధ్రం, పసుపుపచ్చ చీము ఉంటే బాక్టీరియా, కాఫీ పొడి చల్లినట్టు నల్లటి రజను ఉంటే చెవి పురుగులు. మందు పేరు కూడా చెప్పేసేవాణ్ణి. కొన్నిసార్లు తగ్గేది. తగ్గిన ప్రతిసారీ నా ధైర్యం ఇంకాస్త పెరిగేది.

మేనకోడలికి మాత్రం ఈసారి చుక్కల పేరు చెప్పలేదు. "ఏమీ వెయ్యకు, తుడవకు కూడా, రేపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు" అన్నాను. "ఇంత చిన్నదానికా?" అంది. ఆ ప్రశ్నకు ఫోనులో సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను. దానికి మా బంటి కుడి చెవి కథ కావాలి.

బంటి లాబ్రడార్. అప్పటికి దానికి ఐదేళ్ళు. మాది కాకినాడ. వానాకాలం వస్తే గోడలకే చెమట పడుతుంది, ఇక వేలాడే చెవుల కింద సంగతి చెప్పనక్కర్లేదు. అంతకు ముందు ఏడాది దానికి ఒకసారి ఈస్టు వచ్చింది. అప్పుడు డాక్టర్ గారు పుల్లతో గులిమి తీసి, పరీక్ష చేసి, చుక్కల మందు రాసిచ్చారు. పది రోజుల్లో తగ్గింది. సీసాలో సగం మిగిలింది. ఆ సగం సీసా దగ్గరే నా తప్పు మొదలైంది.

మరుసటి జూలైలో బంటి మళ్ళీ తల విదిలించడం మొదలుపెట్టింది. చెవి ఎత్తి చూస్తే లోపలి వైపు ఎరుపు, గోధుమ రంగు జిడ్డు. ఫొటో తీశాను. పోయినేడాది ఫొటో కూడా ఫోనులో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అదే రంగు, అదే జిడ్డు, అదే చెవి. ఇంకేం కావాలి? పాత సీసా తీసి చుక్కలు వేశాను. రోజూ ఒక ఫొటో తీశాను, లెక్క ప్రకారం వైద్యం చేస్తున్నాననే తృప్తి కోసం. నాలుగో రోజు ఫొటోలో చెవి లోపలి చర్మం లేత గులాబీ రంగులో, శుభ్రంగా, కొత్తదానిలా ఉంది. ఇంట్లో అందరికీ చూపించాను.

ఆరో రోజు బంటి అన్నం గిన్నె దగ్గర నిలబడి, ఎడమ దవడతో మాత్రమే నమలడం చూశాను. ఆవులించబోయి మధ్యలో కుయ్యిమని నోరు మూసుకుంది. తల కుడివైపుకి కొంచెం ఒరిగి ఉంది. ఎంత కొంచెం అంటే, ఏదో వింటోందేమో అనుకునేంత.

ఇక్కడ కథ ఆపి కుక్క చెవి లోపల ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే ఫొటో ఓడిపోయేది అక్కడే. మన చెవి నాళం దాదాపు తిన్నగా లోపలికి పోతుంది, పొట్టిది. కుక్కది అలా కాదు. చెవి దొప్ప మొదట్లో కనిపించే రంధ్రం నుంచి నాళం ముందు కిందికి, దవడ వైపు దిగుతుంది. అక్కడ మలుపు తిరిగి తల లోపలికి అడ్డంగా పోతుంది. ఆ అడ్డ గొట్టం చివర కర్ణభేరి ఉంటుంది. మొత్తం పొడవు కుక్క సైజును బట్టి 5 నుంచి 10 సెంటీమీటర్లు. మన వంటింటి సింకు కింద వంపు తిరిగిన పైపు ఉంటుంది కదా, పైనుంచి తొంగిచూస్తే జాలీ తప్ప ఆ వంపు కనిపించదు. చెవి ఫొటో తీయడమంటే సింకు జాలీని ఫొటో తీయడమే. కెమెరా ఎంత ఖరీదైనదైనా వెలుగు మలుపు తిరగదు.

ఆరోగ్యంగా ఉన్న చెవిలో నాళం చర్మం తనంతట తాను కర్ణభేరి నుంచి బయటికి మెల్లగా జరుగుతూ ఉంటుంది, గులిమిని మోసుకొస్తూ. అందుకే మంచి చెవిని మనం కడగనక్కర్లేదు. వాపు వస్తే ఆ ప్రయాణం ఆగిపోతుంది. చీమూ గులిమీ మలుపు కింద పేరుకుంటాయి. అంటే జబ్బు ముదిరే చోటు సరిగ్గా మనకు కనిపించని చోటే. మన కంటికి వచ్చేది పొంగి పైకి వచ్చిన కాస్త మాత్రమే. ఇళ్ళలో చేసే పెద్ద పొరపాటు దూది పుల్లలు కూడా ఇక్కడే. పైన ఉన్నదాన్ని తుడిచి, మిగిలినదాన్ని మలుపులోకి దట్టిస్తాం. తుడిచాక తీసిన ఫొటో ముచ్చటగా ఉంటుంది.

మరి నాలుగో రోజు ఫొటో అంత బాగా ఎందుకు వచ్చింది? ఇది నాకు తర్వాత డాక్టర్ గారు చెబితేగానీ తట్టలేదు. ఆ సీసా మీద మూడు పేర్లు ఉన్నాయి: జెంటామైసిన్, క్లోట్రిమజోల్, బీటామెథసోన్. మొదటిది బాక్టీరియాకు, రెండోది ఈస్టుకు, మూడోది స్టెరాయిడు. కుక్కల చెవి చుక్కల్లో చాలావాటి కూర్పు ఇలాంటిదే. స్టెరాయిడు పని వాపునూ ఎరుపునూ తగ్గించడం. అది తగిలిన చోట రెండు మూడు రోజుల్లోనే చర్మం తేటపడుతుంది, లోపల క్రిమి చచ్చినా చావకపోయినా. నేను వేసిన చుక్కల్లో ఎక్కువ భాగం దొప్ప చర్మం మీదే ఆగిపోయింది, తల విదిలిస్తే ఇంకొంత గోడమీద పడింది. మందు తగిలిన చోటునే నేను ఫొటో తీస్తున్నాను. మెరుగుదల కనిపించకుండా ఎలా ఉంటుంది?

ఆస్పత్రిలో డాక్టర్ గారు నా ఫోను వంక చూడలేదు. నేను వరస పెట్టి చూపించబోతే "తర్వాత చూద్దాం" అని, ముందు వంగి చెవి వాసన చూశారు. తర్వాత చెవి మొదలు, దవడ పక్కన, బొటనవేలితో మెల్లగా నొక్కారు. బంటి మూలిగింది. "ఇక్కడ నాళం మెత్తగా, వంగేలా ఉండాలి, గట్టిగా తగులుతోంది" అన్నారు. వాసన, నొప్పి, గట్టిదనం: పరీక్ష మొదటి రెండు నిమిషాల్లో ఆవిడకు తెలిసిన మూడు సంగతులూ ఏ ఫొటోలోనూ ఉండేవి కావు.

తర్వాత సన్నటి దూది పుల్లను నాళంలోకి పోనిచ్చి, బయటికి తీసి, గాజు స్లైడు మీద దొర్లించారు. రుద్దలేదు, దొర్లించారు. రుద్దితే కణాలు చితికిపోతాయట. వరసగా మూడు సీసాల్లో ముంచి రంగు పట్టించి, కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. అంతా కలిపి పది నిమిషాలు పట్టలేదు. నన్ను కూడా చూడమన్నారు. పోయినేడాది ఈస్టు చూపించినప్పుడు వేరుశనగ కాయల్లాంటి ఊదారంగు ఆకారాలు గుంపులుగా ఉన్నాయి. ఈసారి అవి ఒకటీ అరా తప్ప లేవు. వాటి స్థానంలో సన్నటి కడ్డీలు, చిందరవందరగా పడిన అగ్గిపుల్లల్లా. చుట్టూ తెల్ల రక్తకణాలు, అంటే చీము. కడ్డీ ఆకారపు బాక్టీరియా, అందులోనూ సూడోమోనాస్ అయితే, మామూలు మందులకు లొంగకపోవడం తరచుగా జరిగేదే. అందుకే అది ఏ మందుకు లొంగుతుందో తేల్చే కల్చర్ పరీక్షకు కూడా నమూనా పంపారు.

గోధుమ రంగు జిడ్డు రెండేళ్ళూ ఒకటే. కింద ఉన్న జీవి వేరు. నా రంగుల సిద్ధాంతానికి ఆ రోజుతో కాలం చెల్లింది. రంగు ఊహకు పనికొస్తుంది, నిర్ధారణకు కాదు. నల్లటి రజను పురుగుల వల్లా రావచ్చు, ఎండిన రక్తం వల్లా రావచ్చు, ఈస్టు వల్లా రావచ్చు. ఒకే చెవిలో రెండు మూడు రకాలు కలిసి ఉండటం కూడా మామూలే. పురుగులైతే ఇంట్లో ఉన్న మిగతా కుక్కలకూ పిల్లులకూ మందు వేయాలి. కడ్డీలైతే వేరే మందు. ఈ తేడా ఫొటో తేల్చదు, స్లైడు తేలుస్తుంది.

ఆ తర్వాత ఓటోస్కోపు. దొప్పను పట్టుకుని పైకి, బయటికి లాగితే మలుపు కొంత తిన్నబడుతుంది. అప్పుడు దీపం ఉన్న శంకువును లోపలికి పోనిచ్చి కర్ణభేరి దాకా చూస్తారు. బంటి చెవిలో అది సగం దూరం కూడా పోలేదు. నాళం వాచి మూసుకుపోయింది. "చుక్కలు ఆపేయండి. కర్ణభేరి ఉందో లేదో తెలియకుండా నేను ఏ చుక్కలూ వెయ్యను" అన్నారు డాక్టర్ గారు. పది రోజులు స్టెరాయిడు మాత్రలు ఇచ్చి వాపు తగ్గించి, మత్తు ఇచ్చి, సెలైన్ నీళ్ళతో కడిగి, చిన్న కెమెరా ఉన్న ఓటోస్కోపుతో చూశారు. తెర మీద నాకు కూడా చూపించారు. పలచటి బూడిదరంగు పొరలా, ట్రేసింగ్ కాగితంలా ఉండాల్సిన చోట అంచులు చిరిగిన నల్లటి కన్నం.

కర్ణభేరికి కన్నం ఉన్నప్పుడు చెవిలో వేసిందేదైనా మధ్యచెవిలోకి పోతుంది. జెంటామైసిన్ లాంటి కొన్ని మందులు, క్లోర్‌హెక్సిడిన్ లాంటి కొన్ని కడిగే ద్రావణాలు అక్కడి నుంచి లోపలి చెవికి చేరితే వినికిడినీ, తూలకుండా నిలబెట్టే సమతౌల్యాన్నీ దెబ్బతీయగలవు. నేను ఆరు రోజులు వేసింది అదే జెంటామైసిన్. డాక్టర్ గారు నన్ను తిట్టలేదు. ఒక ప్రశ్న మాత్రం అడిగారు: "తల ఒరగడం చుక్కలు వేశాక మొదలైందా, ముందే ఉందా?"

నా దగ్గర ఆరు రోజుల ఫొటోలు ఉన్నాయి. ఆత్రంగా అన్నీ వెతికాను. అన్నీ చెవివే. ముఖం ఉన్న ఫొటో ఒక్కటీ లేదు.

ఆ ఖాళీ నుంచే నాకు ఒక సంగతి అర్థమైంది. ఫొటో పనికిమాలినది కాదు, మనం దాన్ని తప్పు ప్రశ్న అడుగుతున్నాం. "ఇది ఏ జబ్బు?", "తగ్గిందా?" అని అడిగితే అది అబద్ధం చెబుతుంది. "వెంటనే బయల్దేరాలా?" అని అడిగితే చాలాసార్లు ఉపయోగపడే జవాబే ఇస్తుంది. అయితే అవునన్నప్పుడు నమ్మొచ్చు, కాదన్నప్పుడు నమ్మకూడదు. వాపు, చీము, పుండు, దొప్ప దిండులా ఉబ్బడం, దొప్ప ముడతల్లో గోమార్లు ఫొటోలో కనిపిస్తే అవి ఉన్నట్టే. కనిపించకపోతే లేనట్టు కాదు. దొప్ప ఉబ్బడం అంటే తల విదిలించీ విదిలించీ లోపలి రక్తనాళం చిట్లి, చర్మానికీ మృదులాస్థికీ మధ్య రక్తం నిండటం. అది చూడగానే తెలిసిపోతుంది. కానీ ఎందుకు విదిలించిందన్నది మళ్ళీ మలుపు కిందే ఉంటుంది.

ఇక తీసే పద్ధతి. ఫ్లాష్ వేస్తే ఆరోగ్యంగా ఉన్న లేత చర్మం కూడా ఎర్రగా కనిపించవచ్చు, లేదా ఉన్న ఎరుపు కూడా వెలిసిపోవచ్చు. చెవిని గట్టిగా మడిచి పట్టుకుంటే ఆ పట్టుకే రంగు మారుతుంది. కిటికీ పక్కన, పగటి వెలుగులో, రెండు చెవులూ ఒకే దూరం నుంచి తీయాలి. రెండు చెవుల మధ్య తేడాయే మనకు ఉన్న గట్టి ఆధారం. చెవి లోపలి చర్మం నల్లగా ఉన్న కుక్కల్లో ఎరుపు సరిగా కనిపించదు. అక్కడ చర్మం దళసరిగా, ముడతలు పడి, ఏనుగు చర్మంలా మారిందేమో చూడాలి. అది చాలాకాలంగా నడుస్తున్న జబ్బుకు గుర్తు. ఆ తర్వాత ముఖం ఎదురుగా ఒక ఫొటో, కళ్ళు రెండూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో తెలిసేలా. నడకది పది సెకన్ల వీడియో. తల ఒరగడం, ఒక పక్క పెదవి, కనురెప్ప జారడం, కళ్ళు అటూ ఇటూ కొట్టుకోవడం, నడకలో తూలడం, వీటిలో ఏది కనిపించినా చెవి ఫొటో ఎంత శుభ్రంగా ఉన్నా ఆ రోజే వెళ్ళాలి. మధ్యచెవిని ఆనుకునే ముఖనాడి పోతుంది, మధ్యచెవి దాటాక లోపలి చెవిలో సమతౌల్యం చూసే భాగం ఉంటుంది.

చెవి ఆకారం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఫొటోలో అందరికీ ముందు కనిపించేది అదే. "వేలాడే చెవులు కదా, గాలి ఆడదు, అందుకే వచ్చింది" అని అందరం అంటాం. బంటి విషయంలో నేనూ అదే పాట పాడాను. అందులో నిజం లేకపోలేదు. బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ వారు 22 వేలకు పైగా కుక్కల ఆస్పత్రి రికార్డులు తిరగేసి 2021లో ప్రచురించిన పరిశీలనలో, ఏడాదిలో నూటికి ఏడు కుక్కలకు బయటి చెవి వాపు వచ్చినట్టు తేలింది. నిక్కబొడిచిన చెవులతో పోలిస్తే వేలాడే చెవులకు ఆ అవకాశం సుమారు 1.8 రెట్లు. రెట్టింపు కూడా కాదు. చెవి ఆకారమే కారణమైతే వేలాడే చెవులున్న ప్రతి కుక్కకూ రావాలి, వచ్చినవాటికి రెండు చెవులకూ సమానంగా రావాలి. ఆకారం దారి సుగమం చేస్తుంది, అంతే. దారిలో నడిచి వచ్చేది వేరే ఉంటుంది: ఎలర్జీ, పురుగులు, లోపల చిక్కుకున్న గడ్డి ముల్లు.

మా ఇంట్లోనే దానికి సాక్ష్యం ఉంది. రాణి మా వీధి కుక్క, తర్వాత మాదే అయింది. చెవులు నిటారుగా, ఎండ పడితే వెలుగు ఆరపార కనిపించేంత పలుచగా ఉంటాయి. ఒక సంక్రాంతి తర్వాత పొలాల వైపు తిరిగొచ్చి, ఉన్నట్టుండి ఒక్క చెవిని పిచ్చిగా విదిలించడం మొదలుపెట్టింది. ఫొటో తీస్తే అద్దంలా ఉంది. ఎరుపు లేదు, గులిమి లేదు. అదృష్టవశాత్తూ ఆ రోజు నా వైద్యం చెయ్యాలనిపించలేదు. ఓటోస్కోపు పెట్టి, పొడవాటి సన్నటి చిమటాతో డాక్టర్ గారు కర్ణభేరికి కాస్త ముందు నుంచి గడ్డి ముల్లు ఒకటి లాగారు. ఒకవైపు నూగు ఉండటం వల్ల అది ముందుకే పోతుంది, వెనక్కి రాదు. ఒక్క చెవికే, అకస్మాత్తుగా వస్తే ముందు దీన్నే అనుమానించాలట. నిటారు చెవుల్లోకి గాలి ఎంత ధారాళంగా పోతుందో గడ్డి ముల్లూ అంతే ధారాళంగా పోతుంది.

బంటి విషయంలో అసలు కారణం చెవిలో లేదు, కాళ్ళలో ఉంది. ముందు పాదాల వేళ్ళ మధ్య వెంట్రుకలు ఇటుక రంగుకు తిరిగి ఉండటం డాక్టర్ గారు గమనించారు. అదే పనిగా నాకితే ఉమ్ము వల్ల వచ్చే రంగు అది. ఏళ్ళుగా చూస్తున్నాను, దాని అలవాటు అనుకున్నాను. పాదాలు నాకడం, చెవి జబ్బు మళ్ళీ మళ్ళీ రావడం కలిస్తే ఎలర్జీని అనుమానిస్తారు. ఎనిమిది వారాలు ఒకే రకం కొత్త తిండి పెట్టి చూశాం. పెద్ద తేడా రాలేదు, కాబట్టి తిండిది కాదు, గాలిలోని దుమ్మూ ధూళిది అని తేల్చారు. ఇప్పుడు దానికి వైద్యం చర్మానికి జరుగుతోంది, చెవి దానంతట అది ఊరుకుంది.

దూరాభారం నాకు తెలియనిది కాదు. మండల కేంద్రంలో పశువైద్యశాల ఉన్నా ఓటోస్కోపు ఉంటుందన్న భరోసా లేదు. పట్నం పోవాలంటే లాబ్రడార్‌ను చాలాసార్లు బస్సు ఎక్కించనివ్వరు, ఆటోవాడు రెట్టింపు అడుగుతాడు. మత్తు, కల్చర్, మళ్ళీ మళ్ళీ చూపించడం కలిసి నాకు అయిన ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. కానీ ఆ ఖర్చులో సింహభాగం ఆ ఆరు రోజులదే. వెళ్ళేదాకా ఆగాల్సి వస్తే చెయ్యవలసింది తక్కువ: నూనె పొయ్యకూడదు, పసుపు, హైడ్రోజన్ పెరాక్సైడ్, మనుషుల చుక్కలు, పాత సీసా ఏదీ వద్దు. తుడవడం కూడా వద్దు, ఎందుకంటే స్లైడు మీదికి ఎక్కాల్సింది ఆ చీమే. శుభ్రంగా కడిగి తీసుకెళ్తే డాక్టర్‌కి మిగిలేది మన కష్టం మాత్రమే.

మేనకోడలు సోమవారం వెళ్ళింది. బీగిల్‌కి ఈస్టే. నేను ఫొటో చూసి అనుకున్నదీ అదే. "చూశావా, నువ్వే చెప్పేస్తే సరిపోయేది కదా మామయ్యా" అని సాయంత్రం ఫోను చేసింది. కర్ణభేరి బాగుందన్నారా అని అడిగాను. బాగుందన్నారంది. అయితే ఆ డబ్బు దానికి ఇచ్చావనుకో అన్నాను.

బంటి కన్నం పూడటానికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఆఖరిసారి చూపించినప్పుడు తెర మీద పలచటి కొత్త పొర కనిపించింది, దాని వెనక చిన్న ఎముక ఒకటి లేత గీతలా ఒంపు తిరిగి. ఇంటికొచ్చాక అలవాటు కొద్దీ చెవి ఎత్తి ఫొటో తీశాను. ఫోనులో వెనక్కి వెళ్ళి నాలుగో రోజు ఫొటో పక్కన పెట్టాను, లోపల కడ్డీలు కుప్పలుగా ఉండి, కర్ణభేరి చిరిగిపోయి ఉన్నప్పటిది. రెండింటిలోనూ లేత గులాబీ రంగు, శుభ్రమైన చర్మం. తేదీలు దాచేస్తే ఏది ఏదో ఇప్పటికీ నేను చెప్పలేను.